ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ: గ్రాస్ ఎంత, చేతికొచ్చేది ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకి రెండు అంకెలు ఉంటాయి. లోపల ఉన్న సెల్స్ అన్నీ కలిపి పట్టే కరెంటు ఒకటి, అందులో కారు మనల్ని వాడుకోనిచ్చేది ఇంకొకటి. ప్రకటనలో ఏ అంకె వేశారో గమనించకుండా రెండు కార్లను పోల్చితే లెక్క పది శాతానికి పైగా కూడా తప్పవచ్చు. ఆ తేడా ఎందుకు వస్తుంది, దాన్ని కంపెనీలు ఎలా వాడుకుంటాయి, మీ కారులో అది ఎంతుందో ఎలా తెలుసుకోవాలి అన్న ప్రశ్నలకు జవాబులివి. ఉదాహరణగా ఎక్కువసార్లు మొదటి తరం ఆడి ఈ-ట్రాన్ 55నే తీసుకున్నాం. దాని రెండు అంకెలూ కంపెనీయే బయటపెట్టింది, పైగా మధ్యలో ఒకసారి మార్చింది కూడా.

బ్యాటరీ సామర్థ్యాన్ని కిలోవాట్ అవర్లలో చెబుతారు. ఒక కిలోవాట్ అవర్ అంటే కరెంటు మీటరులో ఒక యూనిట్. చదవడానికి తేలికగా ఉంటుందని ఇక్కడంతా యూనిట్లనే రాశాం.

గ్రాస్ సామర్థ్యం, యూజబుల్ సామర్థ్యం అంటే ఏమిటి?

సెల్ తయారీదారు చెప్పిన గరిష్ఠ వోల్టేజీ నుంచి కనిష్ఠ వోల్టేజీ దాకా ఖాళీ చేస్తే బ్యాటరీ మొత్తం నుంచి వచ్చే శక్తి గ్రాస్. డ్యాష్‌బోర్డులో 100 శాతం కనిపించినప్పటి నుంచి సున్నా కనిపించే దాకా కారు వాడుకోనిచ్చే శక్తి యూజబుల్. దీన్నే కొన్ని బ్రోచర్లలో నెట్ అని రాస్తారు. ఈ రెండింటి మధ్య మిగిలేదే బఫర్.

ఈ-ట్రాన్ 55 బ్యాటరీ గ్రాస్ 95 యూనిట్లు. 2019లో అమ్మకానికి వచ్చినప్పుడు అందులో వాడుకోగలిగింది 83.6 యూనిట్లు, అంటే 88 శాతం. మిగతా 11.4 యూనిట్లు కారులోనే ఉన్నాయి, వాటి బరువును కారు మోస్తుంది, కొన్నవారు డబ్బు కట్టారు. కానీ యాక్సిలరేటర్ ఎంత తొక్కినా అవి బయటికి రావు.

ఆ 95 అనే అంకె ఎలా వచ్చింది?

ఎవరైనా వేసుకోగలిగిన గుణకారమే. ఆ బ్యాటరీలో 36 మాడ్యూళ్లు, ఒక్కోదానిలో 12 సెల్స్, మొత్తం 432 సెల్స్. నాలుగేసి సెల్స్‌ను పక్కపక్కన కలిపి ఒక గుంపు చేశారు. అలాంటి 108 గుంపులను ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో కట్టారు. ఒక్కో సెల్ 60 ఆంపియర్ అవర్లు, సగటు వోల్టేజీ సుమారు 3.67.

గుంపుకు 4 × 60 = 240 ఆంపియర్ అవర్లు. వోల్టేజీ 108 × 3.67 = 396. రెండూ గుణిస్తే 95,040 వాట్ అవర్లు, అంటే 95 యూనిట్లు.

ఇక్కడ వాడింది సగటు వోల్టేజీ, సెల్ లేబుల్ మీది ఆంపియర్ అవర్లు. సెల్‌ను మెల్లగా, గది ఉష్ణోగ్రతలో ఖాళీ చేసినప్పుడు వచ్చే విలువలవి. రోడ్డు మీద ఏ కారూ అంత మెల్లగా ఖాళీ కాదు. కాబట్టి బఫర్ ఒక్కటీ లేకపోయినా గ్రాస్ అంకె మొత్తం చక్రాల దాకా చేరదు.

దాచిన భాగం అంతా కింద ఉంటుందా, పైన ఉంటుందా?

రెండు చోట్లా ఉంటుంది, కానీ రెండింటి పని వేరు.

పై బఫర్ సెల్ ఆయుష్షు కోసం. మామూలు నికెల్ మాంగనీస్ కోబాల్ట్ సెల్ పూర్తిగా నిండితే 4.2 వోల్టులకు చేరుతుంది. ఆ ఎత్తులో ఎంతసేపు ఉంటే అంత ఎక్కువగా లోపలి ఎలక్ట్రోలైట్ చెడిపోతుంది, ఎండలో నిలిపితే ఇంకా వేగంగా. అందుకే చాలా కార్లు డ్యాష్‌బోర్డులో 100 చూపించినా సెల్‌ను అంతకంటే కిందనే ఆపేస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. బ్యాటరీ అంచుదాకా నిండి ఉంటే బ్రేకు వేసినప్పుడు వెనక్కి వచ్చే కరెంటుకు చోటుండదు. ఛార్జింగ్ తీసిన వెంటనే దిగుడు రోడ్డు తగిలితే రీజెన్ అనే ఈ బ్రేకింగ్ పనిచేయకపోవడం చిన్న పై బఫర్ ఉన్న కార్లలో అందుకే కనిపిస్తుంది.

కింది బఫర్ సెల్ ప్రాణం కోసం. మరీ లోతుగా ఖాళీ అయిన సెల్‌లో రాగి రేకు ఎలక్ట్రోలైట్‌లో కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి తిరిగి పేరుకుని లోపలే షార్ట్ సర్క్యూట్‌కు దారి తీయవచ్చు. అలా పాడైన సెల్ ఇక కోలుకోదు. సున్నా చూపించి ఆగిన కారును ఎవరైనా రెండు మూడు వారాలు అలాగే వదిలేయవచ్చు. ఆ రోజుల్లో సెల్స్ తమంతట తామే కోల్పోయే కొద్దిపాటి శక్తి ఈ కింది బఫర్ నుంచే పోవాలి.

ఇంకో కారణాన్ని జనం అంతగా పట్టించుకోరు. 108 గుంపులు సిరీస్‌లో ఉన్నప్పుడు అన్నింటికన్నా బలహీనమైన గుంపు ఎప్పుడు ఖాళీ అయితే బ్యాటరీ మొత్తం అప్పుడే ఖాళీ అయినట్టు. 107 గుంపుల్లో ఇంకా కరెంటు ఉన్నా లాభం లేదు. ఈ చిన్న తేడాలు వాడేవారికి తెలియకుండా కప్పిపెట్టేది బఫరే.

బ్రోచర్‌లో వేసింది గ్రాస్సా, యూజబులా అని ఎలా కనిపెట్టాలి?

అన్ని కంపెనీలూ ఒకే పద్ధతి పాటించవు, గందరగోళమంతా ఇక్కడే పుడుతుంది. ఆడి మొదటి ఈ-ట్రాన్‌ను 95 అంటూ గ్రాస్ అంకెతోనే ప్రచారం చేసింది. నిస్సాన్ లీఫ్ 40 అన్నదీ గ్రాసే. ఫోక్స్‌వ్యాగన్ మాత్రం ఐడీ.4 పెద్ద బ్యాటరీని 77 అని నెట్ అంకెతో పిలిచింది, దాని గ్రాస్ 82. రెనో జోయి 52 అన్నదీ నెట్ అంకెనే.

స్పెసిఫికేషన్ పట్టికలో "నెట్", "యూజబుల్" అన్న మాట కనిపిస్తే సందేహం లేదు. ఏ మాటా లేకుండా ఒక్క అంకెనే పెద్ద అక్షరాలతో వేస్తే దాన్ని గ్రాస్ అనుకుని లెక్క మొదలుపెట్టడం మంచిది. అది నెట్ అని తర్వాత తేలితే నష్టమేమీ లేదు. తిరగేసి అనుకుంటే ప్రయాణం మధ్యలో తెలుస్తుంది.

ఒక కారు 82, ఇంకో కారు 77 అని రాసి ఉంటే మొదటిది పెద్ద బ్యాటరీ అనిపిస్తుంది. రెండూ ఒకే బ్యాటరీ కావచ్చు.

రేంజ్ లెక్కకు ఏ అంకె పట్టుకోవాలి?

యూజబుల్ మాత్రమే. ఈ-ట్రాన్ హైవేలో వంద కిలోమీటర్లకు 22 యూనిట్లు తాగుతోందనుకోండి. 83.6ను 22తో భాగించి వందతో గుణిస్తే 380 కిలోమీటర్లు. 95తో లెక్క వేస్తే 432 వస్తుంది. ఆ 52 కిలోమీటర్లు కాగితం మీద మాత్రమే ఉన్నాయి.

గ్రాస్ అంకె పనికిరానిదేమీ కాదు, దాని చోటు వేరు. బ్యాటరీ బరువు ఎంత, ఛార్జింగ్‌లో సెల్ మీద ఎంత ఒత్తిడి పడుతోంది అన్నవి గ్రాస్‌తోనే చూడాలి. ఈ-ట్రాన్ బ్యాటరీ సుమారు 700 కిలోలు. గ్రాస్ లెక్కన కిలోకు 136 వాట్ అవర్లు, చేతికొచ్చే లెక్కన 119. సెల్ టెక్నాలజీ ఎంత ముందుకెళ్లిందో చెప్పేది మొదటి అంకె. కారు కొనేవారికి దక్కేది రెండోది.

పెద్ద బఫర్ ఉంటే ఫాస్ట్ ఛార్జింగ్ మెరుగ్గా ఉంటుందా?

ఉంటుంది. ఈ-ట్రాన్ 150 కిలోవాట్ల వేగాన్ని దాదాపు 80 శాతం దాకా నిలబెట్టుకోవడం వచ్చిన కొత్తలో అందరినీ ఆశ్చర్యపరిచింది. చల్లబరిచే వ్యవస్థ బాగుండటం ఒక కారణం, పెద్ద బఫర్ ఇంకో కారణం. డ్యాష్‌బోర్డు 80 అంటున్నప్పుడు సెల్ నిజానికి అంతకంటే ఖాళీగానే ఉంటుంది. సెల్ నిండుతున్న కొద్దీ కరెంటు లోపలికి తోయడం కష్టమవుతుంది, తొందరపడితే లిథియం లోహంగా పేరుకుపోతుంది. పై బఫర్ ఉన్న కారు ఆ కష్టమైన చివరి భాగంలోకి అసలు వెళ్లనే వెళ్లదు. కొన్నవారు పోగొట్టుకున్న యూనిట్లకు ఇది కొంత ప్రతిఫలమే.

సున్నా చూపించాక కూడా కారు నడిచింది. అది బఫర్ కాదా?

కాదు, దాన్ని వేరుగా చూడాలి. కొన్ని కార్లు సున్నా కింద కొన్ని కిలోమీటర్లకు సరిపడా శక్తిని ఉంచుతాయి, పెట్రోలు కారులో రిజర్వు లాగ. కంపెనీని బట్టి అది యూజబుల్ అంకెలో కలిసి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. దాని కింద కాంటాక్టర్లు అనే పెద్ద స్విచ్‌లు తెరుచుకుని బ్యాటరీని కారు నుంచి పూర్తిగా విడదీసే గీత ఉంటుంది. అసలు కింది బఫర్ ఆ గీత కింద మొదలవుతుంది.

సున్నా కింద ఎంత ఉంటుందో ప్రతిసారీ ఒకేలా ఉండదు. బ్యాటరీ చల్లగా ఉంటే, గుంపుల మధ్య తేడా పెరిగి ఉంటే, కారు లోపల వేసుకున్న అంచనా రెండు మూడు శాతం తప్పి ఉంటే అది అసలే ఉండకపోవచ్చు. ఎవరో వీడియోలో సున్నా తర్వాత ఇరవై కిలోమీటర్లు నడిపారని మీ కారుపై ఆశ పెట్టుకోకండి.

కంపెనీలు సాఫ్ట్‌వేర్‌తో సామర్థ్యం పెంచామంటాయి. అది ఎలా సాధ్యం?

ఉన్న బఫర్‌లో కొంత విడిచిపెట్టడం వల్ల. సెల్స్ మారవు, గ్రాస్ అంకె కదలదు, గీతలు జరుగుతాయి.

2019 చివర్లో ఆడి ఈ-ట్రాన్ 55 యూజబుల్‌ను 83.6 నుంచి 86.5కి పెంచింది. గ్రాస్ అదే 95. దాంతోపాటు డబ్ల్యూఎల్‌టీపీ అనే అధికారిక పరీక్ష ప్రకారం ప్రకటించిన రేంజ్ 25 కిలోమీటర్లు పెరిగి 436కి చేరింది. ఆ 25 అంతా బఫర్ నుంచి రాలేదు. 83.6 మీద 2.9 పెరగడమంటే మూడున్నర శాతం. పాత రేంజ్ 411లో మూడున్నర శాతం 14 కిలోమీటర్లు. మిగతా 11 కిలోమీటర్లు అవసరం లేనప్పుడు ముందు మోటారుకు కరెంటు ఆపేయడం, బ్రేకు ప్యాడ్లు డిస్కుకు రాసుకోవడం తగ్గించడం లాంటి మార్పుల నుంచి వచ్చినవే. పాత కార్లకు ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌గా ఇలాంటి పెంపు ఇచ్చారు.

ఫోర్డ్ కూడా మస్టాంగ్ మాక్-ఈ పెద్ద బ్యాటరీలో 88గా ఉన్న యూజబుల్‌ను 2022 మోడల్‌లో 91కి తీసుకెళ్లింది.

కొత్త టెక్నాలజీ వచ్చిన మొదటి ఏళ్లలో కంపెనీలు భయంతో పెద్ద బఫర్ పెడతాయి. రోడ్డు మీద వేల కార్లు తిరిగి సెల్స్ అనుకున్నదానికంటే మెల్లగా అరుగుతున్నాయని తేలాక కొంత వదులుతాయి. దీనికి అన్నింటికన్నా పెద్ద ఉదాహరణ మొదటి తరం షెవర్లే వోల్ట్. అందులో గ్రాస్ 16 యూనిట్లు, వాడనిచ్చింది 10.3 చిల్లర, అంటే మూడింట రెండు వంతుల కంటే తక్కువ. పెట్రోలు ఇంజను కూడా ఉన్న ఆ కారులో చిన్న బ్యాటరీ ఇంచుమించు రోజూ నిండుతుంది, ఖాళీ అవుతుంది. అంత చిన్న బ్యాటరీ పదేళ్లు నిలవాలంటే అంత జాగ్రత్త అవసరమైంది.

సాఫ్ట్‌వేర్‌తో తాళం వేసిన బ్యాటరీ కూడా బఫరేనా?

పని ఒకటే, ఉద్దేశం వేరు. టెస్లా 2016లో మోడల్ ఎస్ 60 పేరుతో అమ్మిన కార్లలో నిజానికి 75 యూనిట్ల బ్యాటరీ ఉండేది. మిగతాది తెరవాలంటే తర్వాత డబ్బు కట్టాలి. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను ఫ్లోరిడా మీదికి వస్తున్నప్పుడు, ఊళ్లు ఖాళీ చేసి వెళ్తున్నవారి కోసం టెస్లా అలాంటి కార్లలో మిగతా సామర్థ్యాన్ని దూరం నుంచే తాత్కాలికంగా తెరిచింది.

రక్షణ కోసం పెట్టిన బఫర్‌ను ఎవరూ డబ్బు తీసుకుని తెరవరు, ఎందుకంటే తెరిస్తే వారంటీ భారం కంపెనీ మీదే పడుతుంది. డబ్బు కడితే తెరుస్తామన్నారంటే అది అమ్మకం కోసం వేసిన తాళం. కానీ తాళం ఉన్నంతకాలం దాని యజమానికి ఒక లాభం ఉంది: రోజూ 100 శాతం నింపినా సెల్ నిజంగా అంచుదాకా పోదు.

నా కారు యూజబుల్ సామర్థ్యం నేనే కొలవవచ్చా?

కొలవవచ్చు, పరికరాలేమీ అక్కర్లేదు. ఓపిక కావాలి.

బయట 20 నుంచి 25 డిగ్రీలు ఉన్న రోజు చూసుకోండి. ముందు రాత్రి మామూలు ఏసీ ఛార్జర్‌తో 100 శాతం నింపి, నిండాక కూడా కారు తనంతట తాను ఆపే దాకా ప్లగ్ తీయకండి, చివర్లో గుంపులను సరిచేసే పని జరుగుతుంటుంది. పొద్దున ట్రిప్ మీటరును సున్నా చేయండి. ఒకే రోజులో, మధ్యలో ఎక్కువసేపు నిలపకుండా, 10 శాతం చుట్టుపక్కలకు వచ్చే దాకా నడపండి. ట్రిప్‌లో వాడిన యూనిట్లు రాసుకోండి. కారు మొత్తం యూనిట్లు కాకుండా వంద కిలోమీటర్లకు సగటు మాత్రమే చూపిస్తే దాన్ని నడిచిన దూరంతో గుణించి వందతో భాగించండి.

100 నుంచి 12 శాతానికి వచ్చారు, 352 కిలోమీటర్లు నడిచారు, సగటు 18.0 అనుకుందాం. 352 × 18.0 ÷ 100 = 63.4 యూనిట్లు. దిగింది 88 శాతం. 63.4ను 0.88తో భాగిస్తే 72 యూనిట్లు. అదే మీ యూజబుల్ సామర్థ్యం.

చాలామంది పొరబడేది ఇంత పెద్ద దూరం నడపకపోవడం వల్లే. డ్యాష్‌బోర్డు శాతం పూర్తి అంకెల్లోనే కనిపిస్తుంది, కాబట్టి మొదట్లో, చివర్లో కలిపి ఒక శాతం దాకా తేడా దాగి ఉంటుంది. 88 శాతం దింపినప్పుడు ఆ ఒక్క శాతం వల్ల జవాబు ఒక యూనిట్ లోపే మారుతుంది. 60 నుంచి 50కి పది శాతమే దింపి లెక్కేస్తే అదే తప్పు పదింతలై, 72 అనాల్సింది 66 నుంచి 80 మధ్య ఏదైనా రావచ్చు.

ఇంకో తప్పు, మధ్యలో గంటసేపు ఏసీ వేసుకుని కారులో కూర్చోవడం. చాలా కార్లలో నిలిపి ఉన్నప్పుడు వాడిన కరెంటు ట్రిప్ లెక్కలోకి రాదు, శాతం మాత్రం దిగుతుంది. జవాబు తక్కువ వచ్చి బ్యాటరీ అరిగిపోయిందని కంగారు పడతారు.

బఫర్ ఎంతుందో కూడా చూడవచ్చా?

పై బఫర్‌ను అంచనా వేయవచ్చు. సర్వీస్‌లో కారును పరీక్షించడానికి వాడే ఓబీడీ పోర్టుకు పెట్టే చిన్న అడాప్టరు, మీ మోడల్‌కు పనిచేసే ఫోన్ యాప్ కావాలి. 100 శాతం నింపి, ప్లగ్ తీసి, రెండు గంటలు ఆగాక బ్యాటరీ వోల్టేజీ చదవండి. సిరీస్‌లో ఎన్ని గుంపులున్నాయో తెలిస్తే దాంతో భాగించండి. ఎక్కువ కార్లలో 96 ఉంటాయి.

396 వోల్టులు వచ్చాయనుకోండి. 396 ÷ 96 = 4.125. నికెల్ మాంగనీస్ కోబాల్ట్ సెల్ పూర్తిగా నిండితే 4.2 ఉండాలి. పై భాగంలో ఒక్కో శాతానికి వోల్టేజీ సుమారు పది మిల్లీవోల్టులు మారుతుంది కాబట్టి ఈ కారు పైన ఏడెనిమిది శాతం దాచుకుంది. 402 దగ్గర చూపిస్తే 4.19, అంటే పై బఫర్ లేనట్టే, దాచింది ఏదైనా ఉంటే కిందే ఉంది. అలాంటి కారును రోజూ 100 దాకా నింపకండి.

అదే యాప్‌లో అన్ని గుంపులలో ఎక్కువ వోల్టేజీకీ తక్కువ వోల్టేజీకీ తేడా కూడా చూడండి. నిండుగా, కారు ఆగి ఉన్నప్పుడు పది ఇరవై మిల్లీవోల్టులుంటే మామూలే. ఛార్జింగ్ సరిగా పూర్తయ్యాక కూడా యాభై దాటి, ప్రతిసారీ ఒకే గుంపు వెనకబడుతుంటే దాన్ని సర్వీస్‌లో చూపించాలి.

ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీలకు ఇది వర్తిస్తుందా?

వోల్టేజీ చిట్కా వర్తించదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ దాదాపు 20 శాతం నుంచి 90 శాతం దాకా 3.2, 3.3 వోల్టుల మధ్యే ఉంటుంది. వోల్టేజీ చూసి ఎంత నిండిందో చెప్పడం కారుకే కష్టం, లోపలికి వెళ్లిన కరెంటునూ బయటికి వచ్చిన కరెంటునూ లెక్కపెట్టుకుంటూ పోతుంది. ఆ లెక్కలో చిన్న తప్పులు పేరుకుంటాయి. అందుకే ఈ బ్యాటరీలున్న కార్లను వారానికోసారి 100 దాకా నింపమని టెస్లా లాంటి కంపెనీలు చెబుతాయి. పైకి వెళ్లినప్పుడే వోల్టేజీ గబుక్కున లేచి కారుకు తన స్థానం తెలుస్తుంది. నెలల తరబడి 80 దగ్గరే ఆపితే 15 శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి కారు ఆగిపోయే ప్రమాదం ఉంది. అక్కడ పోయింది సామర్థ్యం కాదు, లెక్క తప్పింది.

72 యూనిట్ల కారుకు ఇంటి మీటరు 80 చూపిస్తోంది. ఆ ఎనిమిది బఫర్‌లోకి పోయాయా?

లేదు, బఫర్ ప్రతిసారీ నిండేది కాదు. ఆ తేడా వేడిగా పోయింది. ఏసీని డీసీగా మార్చే ఆన్‌బోర్డ్ ఛార్జర్‌లో, వైర్లలో, సెల్స్ లోపల, ఛార్జింగ్ సాగినంతసేపు మేల్కొని ఉండే కారు ఎలక్ట్రానిక్స్‌లో కలిపి పది శాతం అటూఇటూ పోవడం సహజం. మెల్లని ఛార్జింగ్‌లో ఎలక్ట్రానిక్స్ ఎక్కువ గంటలు పనిచేస్తాయి కాబట్టి నష్టం ఇంకా పెరుగుతుంది.

డబ్ల్యూఎల్‌టీపీ పత్రాల్లోని వంద కిలోమీటర్ల వాడకం అంకెలో కూడా ఈ ఛార్జింగ్ నష్టం కలిసే ఉంటుంది. దాన్ని రేంజ్‌తో గుణించి, వచ్చిన పెద్ద అంకెను బ్యాటరీ సామర్థ్యం అనుకుని, కంపెనీ ఏదో దాచిందని వాదించేవారు ఉన్నారు. ఆ గుణకారం చెప్పేది గోడ సాకెట్ నుంచి తీసుకున్న కరెంటు సంగతి.

చలిలో రేంజ్ తగ్గుతుంది. అప్పుడు బఫర్ పెంచుతారా?

ఒక రకంగా అంతే. చల్లని సెల్ లోపల నిరోధం పెరుగుతుంది. అదే కరెంటు లాగితే వోల్టేజీ ఎక్కువగా పడిపోయి కింది గీతను ముందే తాకుతుంది. శక్తి లోపలే ఉంటుంది, తీసుకోవడానికి వీలుండదు. టెస్లా కార్లు ఆ భాగాన్ని బ్యాటరీ గుర్తుపై నీలం రంగులో చూపిస్తాయి. బ్యాటరీ వేడెక్కాక అది తిరిగి వస్తుంది. కాబట్టి చలి రోజున కొలిచి బ్యాటరీ అరిగిందని తేల్చకండి.

బ్యాటరీ అరుగుదలను బఫర్‌తో కప్పిపెట్టవచ్చా?

పెట్టవచ్చు, పాత కారు కొనేవారు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

95 యూనిట్ల బ్యాటరీ కొన్నేళ్లకు ఆరు శాతం అరిగి 89.3కి వచ్చిందనుకుందాం. కంపెనీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఎప్పుడూ అదే 88 శాతం వాడనివ్వడం. అప్పుడు యూజబుల్ 78.6కి తగ్గుతుంది, రేంజ్ తగ్గినట్టు యజమానికి తెలుస్తుంది. రెండోది, 83.6నే ఇస్తూ పోయి బఫర్‌ను 11.4 నుంచి 5.7కి కుదించడం. అప్పుడు రేంజ్ ఏమీ తగ్గినట్టు కనిపించదు. బఫర్ అయిపోయిన ఏడు నుంచి మాత్రం ప్రతి శాతమూ నేరుగా రేంజ్ మీద పడుతుంది. పైగా ఇప్పుడు సెల్స్ ముందుకంటే పైకీ కిందికీ ఎక్కువ దూరం వెళ్లి వస్తున్నాయి కాబట్టి అరుగుదల కూడా కొంచెం వేగం పుంజుకోవచ్చు.

ఏ దారిలో వెళ్తోందో వోల్టేజీ చెబుతుంది. కారు కొత్తలో 100 శాతం దగ్గర ఒక్కో గుంపుకు 4.12 వోల్టులుండి, నాలుగేళ్ల తర్వాత అదే 100 దగ్గర 4.17 ఉందంటే పై బఫర్ కరుగుతోందన్నమాట. అందుకే కొన్న నెలలోనే ఒకసారి నింపి ఆ అంకెను రాసి పెట్టుకోండి. తర్వాత పోల్చడానికి ఇంకో దారి లేదు.

మరి వారంటీ ఏ అంకె మీద లెక్కిస్తారు?

70 శాతం గ్యారంటీ అని రాసిన చోట దేనిలో 70 అన్నది పత్రంలో వెతకండి. గ్రాస్‌లో 70 అని రాసి ఉంటే, 95లో 66.5 యూనిట్లు మిగిలే దాకా కంపెనీకి బాధ్యత లేదు. యూజబుల్‌లో 70 అంటే 83.6లో 58.5. ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది, కానీ రోడ్డు మీద కొలవగలిగింది ఇదే. మొదటిది కంపెనీ దగ్గర తప్ప ఎవరూ కొలవలేరు.

2022లో ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల వేదిక ఆమోదించిన 22వ అంతర్జాతీయ సాంకేతిక నియమం ఈ గొడవను యూజబుల్ వైపు తేల్చింది. ధృవీకరణ పరీక్షలో కొలిచిన వాడుకునే శక్తితో పోల్చి, ఐదేళ్లు లేదా లక్ష కిలోమీటర్ల దాకా కనీసం 80 శాతం, ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల దాకా కనీసం 70 శాతం మిగలాలి. ఆ మిగులు శాతాన్ని వాహనమే యజమానికి చూపించాలని కూడా అందులో ఉంది. ఏ దేశం దాన్ని తన చట్టంలోకి తీసుకుంటే అక్కడే అమలవుతుంది.

కారులోనే బఫర్ ఉంది కదా, ఇంక నేను 80 దగ్గర ఆపడమెందుకు?

బఫర్ ఎంతుందన్నదాన్ని బట్టి. యూజబుల్ 88 శాతంగా ఉన్న ఈ-ట్రాన్‌ను వారంలో రెండుసార్లు 100 దాకా నింపితే భయపడాల్సిందేమీ లేదు. ఐడీ.4 లాగా 82లో 77 ఇచ్చే కారులో బఫర్ ఆరు శాతమే, అందులో కొంత కిందికి పోతుంది. అక్కడ 100 చూపిస్తే సెల్ దాదాపు నిండినట్టే. రోజువారీ తిరుగుళ్లకు 80 చాలు, దూరం వెళ్లే రోజు నింపుకోండి. నింపాక ఎక్కువసేపు నిలపకుండా బయలుదేరేలా ఛార్జింగ్ టైమర్ పెట్టుకోండి. సెల్‌ను దెబ్బతీసేది ఒకసారి 100కి చేరడం కంటే, ఎండలో 100 దగ్గర రోజుల తరబడి నిలబడి ఉండటమే.